బోర్డు మీద ‘స్వాగతం’ వద్దు

అయిదేళ్ల తర్వాత కువైట్ నుంచి భార్య వస్తోంది అనుకోండి. పుంగనూరు నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు కారు కూడా మాట్లాడేశారు. మరి చేతిలో పట్టుకునే బోర్డు మీద ఏం రాయాలి?

‘వెల్‌కమ్ హోమ్’ని మాటకు మాట తిప్పితే ‘ఇంటికి స్వాగతం’ అవుతుంది. కానీ స్వాగతం అనేది కల్యాణమండపం గేటు మీద, లీడర్లొస్తే కట్టే ఫ్లెక్సీ మీద ఉండే మాట. అది అతిథికి చెప్పేది. తన ఇంటికి తానొచ్చే మనిషి అతిథి కాదు కదా!

మన పక్క ఇంట్లో వాడే మాటే రాయండి: ‘ఇంటికి పోదాం రా’. ‘వెళ్దాం’ అని సరిదిద్దకండి. అన్నేళ్లూ ఫోన్లో విన్నది ‘పోదాం’, ‘వచ్చినావా’ అనే మాటలే. వచ్చేది భర్త అయితే, మీరు ‘మీరు’ అని పిలిచే అలవాటుంటే, ‘ఇంటికి పోదాం రాండి’. పేరు పెట్టి పిలిచే అలవాటు లేకపోతే బోర్డు మీదా పేరు అక్కర్లేదు.

దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ‘ఇంటికి పోదాం రా’లో ఒక్క వత్తు కూడా లేదు. వత్తు అక్షరం కింద చిన్నగా పడుతుంది కాబట్టి దూరానికి ముందు అదే కనబడకుండా పోతుంది. పైగా ప్రింటింగ్ షాపులో సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ తేడాగా ఉంటే వత్తు విడిపోయి ‘స్వాగతం’ కాస్తా ‘స్‌వాగతం’ అయిపోతుంది. అందుకే మెసేజ్ టైప్ చేసి పంపడంతో ఆగకండి, దాని స్క్రీన్‌షాట్ కూడా పంపండి. ప్రింట్ కొట్టే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ3 కాగితం మీద రెండే లైన్లు చాలు. పది మీటర్ల దూరంలో ఎవరినైనా నిలబెట్టి చదివించండి. తడుముకుంటే అక్షరాలు పెంచాల్సిందే.

ఇక వాట్సాప్ మెసేజ్. దిగాక పంపితే చూడకపోవచ్చు. ఏళ్లుగా రీచార్జ్ లేని ఇక్కడి సిమ్ పనిచేయదు, అక్కడి సిమ్‌కు ఇక్కడ నెట్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. విమానం ఎక్కకముందే, అక్కడ వైఫై ఉండగానే పంపండి: ‘టెర్మినల్ 2 బయట ఉంటా. నీలం చొక్కా. పాప కూడా వస్తాంది. ఫోన్ కలవకపోయినా భయపడొద్దు, అక్కడే ఉంటా.’ బెంగళూరులో 2023 సెప్టెంబర్ నుంచి విదేశీ విమానాలన్నీ టెర్మినల్ 2కే వస్తున్నాయి. అయినా టికెట్ మీద ఒకసారి చూసుకోండి.

ఆ మెసేజ్‌లో రెండు ప్రశ్నలు మాత్రం వద్దు. ఒకటి ‘ఏం తెస్తున్నావు?’. రెండోది ‘మళ్లీ ఎప్పుడు పోవాల?’. మొదటిది మనిషి కంటే పెట్టెను ముందు పిలిచినట్టుంటుంది. రెండోది, ఇంకా గడప తొక్కని మనిషికి సెలవు లెక్క గుర్తుచేస్తుంది. సెలవు రెండు నెలలే కావచ్చు, అది ఆమెకూ తెలుసు. ఆ మాట ఇంటికొచ్చి, అన్నం తిని, నిద్రపోయి లేచాక మాట్లాడుకోవచ్చు.