పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు బీరంగూడలో: ఒంటరితనాన్ని ఎలా గుర్తించాలి? 14567కు ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరు పారిశ్రామికవాడ. సంగారెడ్డి జిల్లాలోని ఈ పరిశ్రమల్లో పనిచేయడానికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లే చుట్టాలు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. దాంతో చాలామంది బీరంగూడ, అమీన్‌పూర్, చందానగర్ వైపు సొంతిళ్లకు మారారు. పిల్లలు చదువుకుని విదేశాలకు వెళ్లారు. అంటే ఇక్కడ పెద్దవాళ్లకు దూరమైంది పిల్లలే కాదు, ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు కూడా.

ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు

ఒక్కరే ఉన్నా నలుగురితో కలిసి హాయిగా గడిపేవాళ్లున్నారు. కావాలనుకున్న తోడు దొరకనప్పుడు కలిగే బాధే ఒంటరితనం. ఇది ఏళ్ల తరబడి సాగితే శరీరం ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. నిద్ర మధ్యలో తెగిపోతుంది, బీపీ పెరుగుతుంది. ఒక్కరి కోసం వండుకోవడం ఎందుకని రాత్రి భోజనం మానేస్తారు, మందులు మరచిపోతారు. సామాజిక సంబంధాలు బలహీనంగా ఉన్నవారిలో గుండె జబ్బు ముప్పు సుమారు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువని 2016లో పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన తేల్చింది. ఒంటరితనం వల్ల ఏటా 8.7 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో అంచనా వేసింది.

ఎలా తెలుసుకోవాలి?

పరిశోధకులు వాడే చిన్న కొలతలో మూడే ప్రశ్నలు. తోడుగా మాట్లాడే మనిషి లేరనిపిస్తోందా? నన్ను పక్కన పెట్టేశారనిపిస్తోందా? అందరికీ దూరమైపోయాననిపిస్తోందా? దాదాపు ఎప్పుడూ లేదంటే 1, అప్పుడప్పుడు అంటే 2, తరచూ అంటే 3. మొత్తం 6 దాటినా, 6 వచ్చినా ఒంటరితనం ఉన్నట్టు సాధారణంగా లెక్కిస్తారు. ఇది జబ్బు నిర్ధారణ కాదు, హెచ్చరిక మాత్రమే.

ఉదాహరణకు భార్యను కోల్పోయిన 71 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి బీరంగూడలో ఉన్నారనుకుందాం. కొడుకు డాలస్‌లో ఉంటాడు. ‘ఎలా ఉన్నావు నాన్నా’ అంటే ‘నాకేంరా, బాగానే ఉన్నా’ అనే జవాబే వస్తుంది. ‘నిన్న రాత్రి ఏం తిన్నావు? ఈ వారం ఎవరింటికి వెళ్లావు?’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఆయనకు వరుసగా 3, 2, 2 వచ్చాయంటే మొత్తం 7. ముందు చెవుల పరీక్ష చేయించాలి. సరిగా వినపడని మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తారు, అది బయటికి అలకలా కనిపిస్తుంది.

14567 ఏం చేస్తుంది?

ఇది వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్, ఎల్డర్ లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పెన్షన్, ఆసుపత్రి, వృద్ధాశ్రమాల సమాచారం ఇస్తారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఏం చేయవచ్చో చెబుతారు. మనసు బాగోలేకపోతే మాట్లాడతారు. వేధింపులు, నిరాదరణ వంటి సందర్భాల్లో అవసరమైతే సిబ్బంది నేరుగా వస్తారు. ఇది దేశంలో వాడే షార్ట్ కోడ్. విదేశాల నుంచి ప్రయత్నించే బదులు ఇక్కడున్న బంధువుతోనో పక్కింటివాళ్లతోనో చేయించడం మేలు. రోజూ ఫోన్ చేసి కుశలం అడగడం, ఇంట్లో సేవ చేయడం దీని పని కాదు. ప్రాణం మీదికి వస్తే 108కే చేయాలి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బతకాలని లేదన్న మాట వినిపించినా 14416కు చేయాలి. అది టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది.

మళ్లీ కలిపేది ఏది?

ఇప్పుడు కరెంటు బిల్లు, బ్యాంకు పని, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ అన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి. కదల్లేనివారికి అది వరమే. నడవగలిగినవారికి మాత్రం తప్పిన ప్రతి పనితో పాటు ఓ పలకరింపు కూడా తప్పిపోతోంది. ఈపీఎస్ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్‌ను ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, అది ఏడాది పాటు చెల్లుతుంది. కాబట్టి పాత సెక్షన్ మిత్రులు ఇద్దరు ముగ్గురు ఒకే రోజు పెట్టుకుని కలిసి వెళ్లవచ్చు. వారానికోసారి కూరగాయలకూ అలాగే వెళ్లవచ్చు.

డాలస్ కొడుకు చేయాల్సింది రెండు పనులు. ఒకటి, వేళ మార్చకుండా ఫోన్ చేయడం. వేసవిలో ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ ఉదయం 9.30, శీతకాలంలో 8.30. అంటే నాన్న భోజనం వేళకు వీడియోలో కనిపించవచ్చు. రెండు, ఫోన్ ఎత్తకపోతే వెళ్లి తలుపు తట్టే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవడం. ఆ మనిషి దగ్గర ఇంటి తాళంచెవి, మందుల జాబితా, కొడుకు నంబరు ఉండాలి. ఈ రెండో పని ఏ హెల్ప్‌లైనూ చేసి పెట్టదు.