పాత నంబరుకు వెళ్లిన కబురు

ఒకప్పుడు ప్రీమియం గడువు గుర్తుచేయడానికి మనిషే వచ్చేవాడు. ఎల్ఐసీ ఏజెంటంటే సగం చుట్టం. గేటు దగ్గర స్కూటరు ఆపి, మంచినీళ్లు తాగి, పిల్లల మార్కులు అడిగాక గానీ సంచిలోంచి డైరీ తీసేవాడు కాదు. "ఈ నెలాఖరుకి మీది ఉందండీ" అనేవాడు. మనం ఇల్లు మారితే పక్కింటివాళ్లను అడిగి కొత్తింటికి వచ్చేవాడు. ఆ నెల చెయ్యి ఆడకపోతే తానే కట్టేసి, మెల్లగా ఇవ్వమన్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఆ పని ఆటో డెబిట్ చేస్తోంది. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. ఒకసారి ఒప్పుకుంటే చాలు, గడువు రోజున ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లిపోతుంది. వరసలో నిలబడక్కర్లేదు, తేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ ఆ ఏజెంటుకు తెలిసే ఒక సంగతి దీనికి తెలియదు. మనం ఇల్లు మారామని దీనికెవరూ చెప్పరు.

మనం ఇచ్చే ఆ ఒప్పుదలను మ్యాండేట్ అంటున్నారు. ఫలానా ఖాతా నుంచి, ఫలానా కంపెనీకి, ఇంతకు మించకుండా, ఫలానా తేదీ వరకు డబ్బు ఇవ్వవచ్చునని బ్యాంకుకు మనం రాసిచ్చిన మాట అది. నమోదయ్యాక దానికొక నంబరు వస్తుంది, యూఎంఆర్ఎన్ అంటారు. ఇంతవరకు సులువే. మెలిక ఎక్కడంటే, ఆ మాట మనిషిని పట్టుకుని ఉండదు, ఖాతాను పట్టుకుని ఉంటుంది. మనం వేరే బ్యాంకులో ఖాతా తెరిస్తే అది మన వెంట రాదు. పాత ఖాతా దగ్గరే కూర్చుని, గడువు రోజున ఖాళీ జేబు తడుముతుంది.

మన బ్యాంకుల పేర్లు మారడం మనకు కొత్త కాదు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోతే, బోర్డు మార్చిన రోజున మనసు చివుక్కుమన్నవాళ్లు చాలామంది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. ఇలాంటప్పుడు పేపర్లో ప్రకటనలు వస్తాయి, ఫోన్లో మెసేజిలు వస్తాయి, బ్రాంచిలో నోటీసు అంటిస్తారు. మనమే ఖాతా మార్చుకున్నప్పుడు మాత్రం ఎవరూ దండోరా వేయరు. ఉద్యోగం మారితే కొత్త శాలరీ అకౌంటు తెరుస్తారు, పాతది ఉందన్న సంగతే కొన్నాళ్లకు మరపున పడుతుంది.

పిల్లలు విదేశాలకు వెళ్లిన ఇళ్లలో ఈ మరపు ఇంకాస్త దూరం పోతుంది. అలాంటి ఇంటినొకదాన్ని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొడుకు 2022 ఆగస్టులో అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా తీసుకున్నాడు. నాన్నకు షుగరు, అమ్మకు బీపీ ఉన్నాయని ఫారంలో రాశాడు. ఏటా ఆగస్టు 17 అర్ధరాత్రితో పాలసీ ముగుస్తుంది, ఆ లోపల అతని శాలరీ అకౌంటు నుంచి ప్రీమియం వెళ్తుంది. మూడేళ్లు అలాగే వెళ్లింది. నాన్నకు ఆ రోజేమిటో కూడా తెలియదు, తెలియాల్సిన అవసరం రాలేదు.

2026 జనవరిలో కొడుకు డాలస్ వెళ్లాడు. జీతం ఆగింది కాబట్టి ఆ ఖాతాలో మిగిలింది పదకొండు వేలు. విదేశంలో స్థిరపడేవాళ్లు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. కొన్ని బ్యాంకుల్లో ఆ మార్పుతో ఖాతా నంబరే మారిపోతుంది. అతనింకా ఆ పని పెట్టుకోలేదు. ఇండియా సిమ్ రీచార్జి చేయక మూగబోయింది. 90 రోజులు వాడకం లేకపోతే నంబరు కట్ అవుతుందనీ, ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంకెవరికో వెళ్తుందనీ అతనికి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు, ఇక్కడి నంబరుతో అక్కడేం పని అని. పాలసీలో ఇచ్చిన ఈమెయిలు ఆఫీసుది. ఉద్యోగం వదిలిన రోజునే అది మూసుకుపోయింది. ఆగస్టు వచ్చింది, ఖాతాలో చాలినంత డబ్బు లేక ప్రీమియం వెళ్లలేదు.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. కంపెనీ గుర్తుచేయలేదా అంటే, చేసింది. గడువుకు ముందు ఒకటికి రెండుసార్లు మెసేజి పంపింది, మెయిలు పంపింది. డబ్బు అందలేదని కూడా చెప్పింది. బ్యాంకు తన వంతుగా డెబిట్ తిరిగిపోయిందని చెప్పి, ఆ తిరిగిపోయినందుకు కొంత రుసుము కూడా పట్టుకుంది. అందరూ మాట్లాడారు. వినాల్సిన చోట ఎవరూ లేరు.

సెప్టెంబరు 9న అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ సంగతి మాట్లాడదామని ఆసుపత్రికి వెళ్తే, బీమా కౌంటరులోని అమ్మాయి కార్డు చూసి "పాలసీ రన్నింగులో లేదండీ" అంది. నాన్న ఆ రాత్రి కొడుక్కి ఫోన్ చేశారు. "డబ్బు కట్టలేదేంట్రా?" అని అడగలేదు, పాపం. "అక్కడ ఏమైనా ఇబ్బందిగా ఉందా నాన్నా?" అని అడిగారు. అటువైపు కాసేపు మాట లేదు.

అదృష్టం ఏమిటంటే అప్పటికి ఇరవై మూడు రోజులే అయింది. ఏడాదికోసారి కట్టే పాలసీలకు గడువు దాటాక 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది, నెలనెలా కట్టేవాటికి 15 రోజులు. ఆ లోపల కట్టేస్తే పాత పాలసీ తెగనట్టే లెక్క. ఈ ఇంటికి అది చిన్న విషయం కాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. నాన్న షుగరుకు ఆ మూడేళ్లు నిండి ఏడాది దాటింది. అయిదేళ్లు ఆగకుండా సాగిన పాలసీ అయితే, మోసం రుజువైతే తప్ప, అప్పట్లో ఫలానాది చెప్పలేదని క్లెయిము తిరగ్గొట్టడం కుదరదు. ఆ అయిదేళ్లలోనూ నాలుగు గడిచాయి. సెప్టెంబరు 16 దాటిపోయి ఉంటే ఈ నాలుగేళ్లూ ఏట్లో కలిసేవి. కంపెనీ కొత్త పాలసీ ఇస్తే ఇచ్చేది, లెక్క మాత్రం ఒకటో రోజు నుంచి మొదలయ్యేది.

గ్రేస్ పీరియడ్ గురించి ఒక చిన్న పొరపాటు అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. ఆ 30 రోజులూ బీమా ఉన్నట్టే అనుకుంటాం. వాయిదాల్లో ప్రీమియం కట్టేవారికి ఆ రోజుల్లోనూ రక్షణ సాగుతుంది. ఏడాది మొత్తం ఒకేసారి కట్టే ఇలాంటి పాలసీలో, ముగిసిన రోజుకీ మళ్లీ డబ్బు కట్టిన రోజుకీ మధ్య ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు మనదే. శుక్లం ఆపరేషన్ కాబట్టి వారం ఆగారు. అదే గుండెనొప్పి అయితే ఆగుతుందా?

కొడుకు ఆ రాత్రే కంపెనీ సైటులోకి వెళ్లబోతే ఓటీపీ పాత నంబరుకే వెళ్లింది. నంబరు మారుద్దామన్నా అదే తంతు, మార్పుకు ఒప్పుదల కూడా పాత నంబరుకే. పాత సిమ్ బతికి ఉండగా రెండు నిమిషాల్లో అయ్యే పనికి నాన్న గుర్తింపు కార్డు, పాలసీ కాగితం పట్టుకుని కంపెనీ బ్రాంచికి వెళ్లాల్సొచ్చింది. బ్యాంకులో నంబరు మార్చినంత మాత్రాన బీమా కంపెనీలో మారదు, ఆధార్‌లో మార్చినా అంతే. ఎవరి పుస్తకం వారిది. ఆ సంగతి ఆయనకు బ్రాంచిలోనే తెలిసింది.

బ్రాంచిలో ఆయన ముందు ఆ ఏటి ప్రీమియం నేరుగా కట్టేశారు. అది తెలివైన పని. కొత్త మ్యాండేట్ ఇచ్చినా నమోదు కావడానికి కొన్ని రోజులు పడుతుంది, కాగితం మీద ఇస్తే సంతకం బ్యాంకులోని సంతకంతో సరిపోలక తిరిగి రావడమూ ఉంటుంది. గడువు తలమీద ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. ఆ తర్వాత తన పెన్షన్ ఖాతా మీద కొత్త మ్యాండేట్ రాసిచ్చారు. కౌంటరులో ఉన్నాయన ఒక మాట అడిగాడట, "పరిమితి ఎంత పెట్టమంటారు సార్?" అని. ఈసారి ప్రీమియం ముప్పై ఎనిమిది వేల చిల్లర. అంతే పెట్టమందామనుకున్నారు గానీ, వయసు పెరిగేకొద్దీ ఆరోగ్య బీమా ప్రీమియం పెరుగుతుంది. రాసిచ్చిన పరిమితి కన్నా ఒక్క రూపాయి ఎక్కువైనా డెబిట్ తిరిగిపోతుంది, ఖాతాలో లక్షలున్నా సరే. అరవై వేలు పెట్టించారు. పరిమితి అంటే అంత డబ్బూ తీసేసుకుంటారని కాదు, అడిగినదే తీసుకుంటారు.

పెద్ద పాలసీల సంగతి అలా ఉంచి, చిన్నవాటి సంగతి ఒకటి చెప్పాలి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. మే నెలాఖరులో ఖాతాలోంచి వెళ్తాయి, రెండు లక్షల బీమా జూన్ 1 నుంచి మళ్లీ ఏడాది సాగుతుంది. బ్యాంకులో ఎవరో చెబితే సంతకం పెట్టి, ఆ తర్వాత ఊరు మారి, కూలి డబ్బులు వేరే ఖాతాలో పడుతున్నవాళ్లు ఎందరో. పాత ఖాతాలో ఆ నాలుగు వందల ముప్పై ఆరు లేకపోతే బీమా ఆగిపోతుంది. మళ్లీ చేరవచ్చు, కానీ చేరాక మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల తప్ప మరే కారణంతో మరణించినా డబ్బు రాదు. మే మొదట్లో ఆ ఖాతాలో ఐదు వందలు వేసి ఉంచే అలవాటు కొన్ని ఇళ్లలో ఆడవాళ్లకుంది. దానికి ఎవరి మెసేజీ అక్కర్లేదు.

ఖాతా మార్చే పని మీద ఉన్నవారెవరైనా పాతదాన్ని వెంటనే మూసేయకుండా ఉంటే మేలు. కొత్త ఖాతా మీద మ్యాండేట్ నమోదై, దాని మీద ఒక్క ప్రీమియమైనా సజావుగా వెళ్లేదాకా పాతదాంట్లో కొంచెం డబ్బు ఉంచి తెరిచే పెట్టడం. వెళ్లిందో లేదో పాస్‌బుక్కే చెబుతుంది. కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లో ఆ వరస ACH D అని మొదలై, పక్కన బీమా కంపెనీ పేరు ఉంటుంది. ఆ వరస తర్వాత అదే మొత్తం మళ్లీ జమైనట్టు కనిపించి, కింద చిన్న రుసుము కూడా కోత పడితే డెబిట్ తిరిగిపోయిందన్నమాట.

ఆ ఇంట్లో ఇప్పుడు పాలసీ మీద నాన్న నంబరే ఉంది, ఈమెయిలు మాత్రం కొడుకు సొంతది. ఒకరు మరచిపోయినా ఇంకొకరికి కబురు అందుతుంది. వచ్చే ఆగస్టులో కొడుకు డాలస్ నుంచి "కట్ అయిందా నాన్నా?" అని అడుగుతాడు. "డబ్బు కట్ అయింది, కాగితం ఇంకా రాలేదు" అంటారాయన. అలా అనడం నేర్చుకున్నది కూడా బ్రాంచిలోనే. డబ్బు ఖాతా దాటినంత మాత్రాన రెన్యువల్ అయిపోయినట్టు కాదు, కొత్త తేదీలతో పాలసీ కాగితం చేతికి రావాలి. నాలుగైదు రోజుల్లో రాకపోతే స్టేట్‌మెంట్లోని ఆ వరస పక్కనున్న నంబరు చదివి కంపెనీకి ఫోన్ చేయమని కౌంటరులో ఉన్నాయనే చెప్పి పంపాడు.