విమానం మీద AP అంటే ఆంధ్రప్రదేశ్ కాదు.. అడ్డగీతకు ముందున్న అక్షరాల కథ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ముందున్న బండ్ల మీద మూడు రకాల నంబర్లు కనిపిస్తాయి. పాత బండ్లకు AP, రాష్ట్రం వచ్చాక కొన్నవాటికి TS, 2024 మార్చి తర్వాతవాటికి TG. ఇవే అక్షరాలు విమానం మీద ఉంటే అర్థం పూర్తిగా మారిపోతుంది. AP పాకిస్థాన్‌ది, TS ట్యునీషియాది, TG గ్వాటెమాలాది.

ఈ మధ్య ఎల్బీనగర్‌లో మా పక్కింటావిడ ఇలాంటి సందేహంతోనే ఫోన్ పట్టుకొచ్చారు. కొడుకు చదువు కోసం ముంబయి మీదుగా మాంచెస్టర్ వెళ్తున్నాడు. ఇండిగో టికెట్. విమానం ఎక్కడిదాకా వెళ్లిందో చూద్దామని Flightradar24 తెరిస్తే రిజిస్ట్రేషన్ దగ్గర LN- అని ఉంది. ‘‘హైదరాబాద్ నుంచి ముంబయి దాకా వెళ్లినదానికి VT- అని చూపించింది బాబూ. ఇదేమో వేరేగా ఉంది. మన విమానం కాదా?’’ అని అడిగారు.

టికెట్ మన కంపెనీదే, విమానం మాత్రం నార్వే రిజిస్టరులోది. LN నార్వే గుర్తు.

1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం రిజిస్టరులో పేరుంటే విమానానికి ఆ దేశ జాతీయతే. ఒకేసారి రెండు దేశాల్లో రిజిస్టర్ చేయడం కుదరదు. అడ్డగీతకు ముందున్న అక్షరాలు దేశాన్ని, తర్వాతవి ఆ ఒక్క విమానాన్ని సూచిస్తాయి. మన దగ్గర డీజీసీఏ ఇచ్చేది VT, దాని తర్వాత మూడు అక్షరాలు. దుబాయ్ విమానాలకు A6, దోహావాటికి A7 ఉంటాయి. అమెరికా వాటికి అడ్డగీతే ఉండదు. N తర్వాత నేరుగా అంకెలు వచ్చేస్తాయి. తోక దగ్గర, ఎడమ రెక్క అడుగున ఈ గుర్తు పెద్దగా రాసి ఉంటుంది.

VT అంటే ‘వైస్రాయ్ టెరిటరీ’ అని, అది బానిసత్వపు గుర్తని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. మార్చాలంటూ ఢిల్లీ హైకోర్టుకు కూడా వెళ్లారు. బ్రిటిష్ కాలంలో వచ్చిందన్నంత వరకూ నిజం. 1927లో వాషింగ్టన్‌లో జరిగిన రేడియో సదస్సులో దేశాలకు కాల్‌సైన్ అక్షరాలు పంచారు. V వరుసలో ఎక్కువ భాగం బ్రిటన్ కింద ఉన్న ప్రాంతాలకు వెళ్లింది. అందులో మనకు VT, ఆస్ట్రేలియాకు VH దక్కాయి. అంతకుముందు మన విమానాల మీద G-I అని ఉండేది. అక్షరాలు వరుసలో వచ్చాయి తప్ప వైస్రాయ్ పేరు మీద రాలేదు.

మరి TS ను TG చేసినట్టు దీన్నీ మార్చేయవచ్చు కదా? బండి నంబరుకు కేంద్రం నోటిఫికేషన్ చాలు. విమానం గుర్తు మాత్రం అంతర్జాతీయ టెలికం సంస్థ మన దేశానికి కేటాయించిన వరుసల్లోంచే తీసుకోవాలి. మనకున్నవి AT నుంచి AW, VT నుంచి VW, 8T నుంచి 8Y. ఇండియా కోసం IN అందామంటే I వరుస ఇటలీది. భారత్ కోసం BH అందామంటే B చైనాది. హిందుస్థాన్ కోసం HI అందామంటే అది డొమినికన్ రిపబ్లిక్‌ది. VT వదులుకుంటే మిగిలేది AW, 8T లాంటివే. వాటి కోసం ప్రతి విమానం మీద పెయింట్, ప్రతి కాగితం మీద రాత మార్చాలి. ఈ గొడవలో అంత విలువ ఉందా అన్నది నా అనుమానం.

అక్షరాల అసలు పని చట్టం ఎవరిదో చెప్పడం. దీనికి మన దగ్గరే పాత ఉదాహరణ ఉంది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవడానికి నిరాకరిస్తున్నప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు నిజాం కోసం కరాచీ నుంచి దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. రాత్రిపూట బీదర్, వరంగల్‌లలో దిగిన ఆ లాంకాస్ట్రియన్ విమానాలు బ్రిటన్ రిజిస్టరులోవి. అంటే అడ్డగీత ముందు G. ఎగిరింది కరాచీలో, దిగింది దక్కన్‌లో, సరుకు నిజాంది. అయినా బ్రిటన్ ‘మాకేం సంబంధం’ అని తప్పుకోలేకపోయింది. చివరకు కాటన్‌కు బ్రిటన్‌లోనే కేసు, 200 పౌండ్ల జరిమానా. ఇంకో విశేషం, స్వతంత్రుణ్నని చెప్పుకున్న నిజాం సొంత డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాల మీద ఉన్నదీ VT గుర్తే.

ఇప్పటి LN విషయంలోనూ ఇదే సూత్రం. ఇండిగో దగ్గర దూరప్రయాణాలకు పెద్ద విమానాలు సరిపడా లేవు. అందుకే నార్వేకు చెందిన నార్స్ అట్లాంటిక్ నుంచి బోయింగ్ 787లు అద్దెకు తీసుకుని 2025 జులైలో ముంబయి నుంచి మాంచెస్టర్, ఆమ్‌స్టర్‌డామ్‌లకు మొదలుపెట్టింది. దీన్ని డ్యాంప్ లీజ్ అంటారు. విమానం, పైలట్లు, మరమ్మతులు అద్దెకిచ్చినవాళ్లవి. క్యాబిన్‌లో మనకు నీళ్లిచ్చే సిబ్బందిలో ఎక్కువమంది అద్దెకు తీసుకున్నవాళ్ల మనుషులు. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉందని ధ్రువీకరించే బాధ్యత నార్వే అధికారులది. లీజుకు అనుమతి ఇవ్వడం, మన గడ్డ మీద దిగినప్పుడు తనిఖీ చేయడం డీజీసీఏ చేతిలో ఉంటాయి. కొన్ని బాధ్యతలను రెండు దేశాలు రాతపూర్వకంగా మార్చుకునే వీలు కూడా ఒప్పందంలో ఉంది.

ఇది ఉత్త సాంకేతిక విషయం కాదని 2025 మేలో తేలింది. ఆపరేషన్ సిందూర్ సమయంలో తుర్కియే పాకిస్థాన్ పక్షాన నిలవడంతో, ఇండిగో టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి తెచ్చుకున్న రెండు బోయింగ్ 777ల మీద చర్చ మొదలైంది. వాటి గుర్తు TC. డీజీసీఏ ‘ఆఖరిసారి’ అంటూ ఆగస్టు 31 దాకా గడువిచ్చింది. తర్వాత మళ్లీ పొడిగించింది. పెద్ద విమానాలు లేనప్పుడు ఆఖరిసారి ఎప్పుడూ ఆఖరిది కాదన్నమాట.

అయితే ఈ అక్షరాల్లోంచి యజమాని ఎవరో పట్టలేం. VT అని ఉన్న విమానాల్లోనూ చాలావాటికి సొంతదారులు ఐర్లండ్ లాంటి చోట్ల ఉన్న లీజింగ్ కంపెనీలే. 2023 మేలో గో ఫస్ట్ దివాలా తీసినప్పుడు ఇది బయటపడింది. VT రిజిస్టరు నుంచి పేరు కొట్టేస్తే తప్ప యజమానులు తమ విమానాలను ఇంకో దేశంలో నమోదు చేసుకోలేరు. ఆ పని కోసం వాళ్లు దాదాపు ఏడాది కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించాకే 54 విమానాలకు దారి తెరుచుకుంది.

పక్కింటావిడకు ఇందులో సగమే చెప్పాను. ఆమె అసలు భయం వేరే ఉంది. ‘‘రేపు సూట్‌కేసు పోతే నార్వే వాళ్లను అడగాలా?’’ అన్నారు. అక్కర్లేదు. టికెట్ అమ్మింది ఇండిగో కాబట్టి సామాను పోయినా, ప్రయాణం రద్దయినా ఇండిగోనే అడగొచ్చు. సూట్‌కేసు చేతికి రాకపోతే విమానాశ్రయం దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, దాని కాగితం దగ్గర పెట్టుకోమని అబ్బాయికి చెప్పమన్నాను.