నెల లెక్కకు దొరకని ఖర్చులు

పుదుచ్చేరి పట్టణంలో ఉద్యోగం కోసమో, జిప్‌మర్‌లో చదువుల కోసమో యానాం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అద్దె, స్కూలు ఫీజు, బండి వాయిదా ఎంతో అలాంటి ఇంట్లో ఎవరిని అడిగినా ఠక్కున చెబుతారు. గ్యాస్‌కు, తాగునీటికి, పనిమనిషికి ఏడాదికి ఎంతవుతుందని అడిగితే మాత్రం వెంటనే జవాబు రాదు. ఇవి చిన్న మొత్తాలు కావడం ఒక కారణం. అసలు కారణం, ఇవి నెల చొప్పున రాకపోవడం. సిలిండర్ నెలన్నరకోసారి వస్తుంది, నీళ్ల క్యాన్ రెండు రోజులకోసారి, బోనస్ ఏడాదికోసారి.

ప్రభుత్వ సర్వేలకు ఈ సంగతి తెలుసు. 2022-23, 2023-24లలో జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలో అన్ని ఖర్చులనూ ఒకే గడువుతో అడగలేదు. కూరగాయల వంటివాటికి గత 7 రోజులు, ఇంధనం వంటివాటికి 30 రోజులు, బట్టలు, చదువులకు 365 రోజుల లెక్క అడిగారు. ఏ ఖర్చుకు తగిన గడువుతో దాన్ని అడగకపోతే జవాబు తప్పుతుంది. ఇంటి లెక్కకూ ఇదే వర్తిస్తుంది.

ఒక నలుగురి కుటుంబాన్ని ఊహించుకుని లెక్క వేస్తే తేడా కనిపిస్తుంది. పనిమనిషికి నెలకు రూ.2,500. నీళ్ల క్యాన్లు నెలకు 15, ఒక్కొక్కటి రూ.35 చొప్పున రూ.525. సిలిండర్ కొనని నెలలో వేసుకున్న బడ్జెట్ కాబట్టి గ్యాస్ ఖర్చు సున్నా. మొత్తం రూ.3,025. అంటే ఏడాదికి రూ.36,300 సరిపోతుందని ఆ ఇంటివాళ్ల నమ్మకం.

ఇప్పుడు అదే ఇంటికి ఏడాది లెక్క. సిలిండర్ 45 రోజులు వస్తే ఏడాదికి ఎనిమిది కావాలి. ధర రూ.870, తెచ్చినవారి చేతిలో పెట్టేది రూ.40 అనుకుంటే రూ.7,280. బిల్లులోని ధరలోనే ఇంటికి చేర్చే ఖర్చు కలిసి ఉంటుంది. పైన ఇచ్చేది రసీదులో కనిపించదు కనుక లెక్కలోకీ రాదు. సముద్రం పక్కన భూగర్భ జలాల్లోకి ఉప్పునీరు చొరబడిన పట్టణం ఇది. చాలా ఇళ్లలో తాగడానికి క్యాన్ తప్పదు. వేసవి మూడు నెలలూ 15 కాస్తా 20 అయితే ఏడాదికి 195 క్యాన్లు, రూ.6,825. పనిమనిషికి 12 నెలల జీతంతోపాటు దీపావళికి ఒక నెల జీతం, పొంగల్‌కు రూ.500 కలిపితే రూ.33,000. అన్నీ కలిసి రూ.47,105. అనుకున్నదానికంటే రూ.10,805 ఎక్కువ. నెలకు పక్కన పెట్టాల్సింది రూ.3,025 కాదు, సుమారు రూ.3,925.

రాయితీలు ఈ లెక్కను మరికాస్త తికమక చేస్తాయి. 2023-24 బడ్జెట్‌లో ముఖ్యమంత్రి ఎన్. రంగస్వామి సిలిండర్‌కు రూ.300 రాయితీ ప్రకటించారు. అమలులో ఎర్ర రేషన్ కార్డుకు రూ.300, పసుపు కార్డుకు రూ.150గా ఖరారైంది. అయితే సిలిండర్ ఇంటికొచ్చిన రోజు చెల్లించాల్సింది పూర్తి ధర. రాయితీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందుకే ఖర్చు కింద పూర్తి ధర రాసి, డబ్బు పడ్డాకే రాయితీని ఆదాయంగా రాయడం క్షేమం. ధర కూడా నిలకడగా ఉండదు: 2023 ఆగస్టులో రూ.200, 2024 మార్చిలో రూ.100 తగ్గింది, 2025 ఏప్రిల్‌లో రూ.50 పెరిగింది.

లెక్క సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. కొత్త సిలిండర్ బిగించిన తేదీ, క్యాన్ వచ్చిన ప్రతి రోజూ గోడ క్యాలెండర్‌పై గుర్తు పెడితే చాలు. మూడు సిలిండర్లు అయ్యేసరికి ఒక్కొక్కటి ఎన్ని రోజులు వస్తోందో తేలుతుంది. బంధువులొచ్చిన నెల, పండగ నెల కూడా అందులో కలిసి ఉండాలి. ఒక్క సిలిండర్‌ను చూసి వేసిన అంచనా తప్పుతుంది. ఏడాది మొత్తాన్ని 12తో భాగించి, సిలిండర్ కొనని నెలలోనూ ఆ డబ్బు తీసి పెట్టాలి.

అంచనా తప్పినప్పుడు ఆ లోటు ఎవరి మీద పడుతుందన్నది అసలు ప్రశ్న. గ్యాస్ ఏజెన్సీ అప్పు ఇవ్వదు. నీళ్ల దుకాణం వారం ఆగుతుందేమో, నెల ఆగదు. అడగలేనిది పనిమనిషి ఒక్కతే. దీపావళి ముందు చేతిలో డబ్బు లేకపోతే తగ్గేది ఆమె బోనస్. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఉన్న యానాంకు కుటుంబం వేసవి సెలవులకు వెళితే, ఆ పదిహేను రోజుల జీతం కోతకు గురయ్యేదీ ఆమెదే. ఆ రోజుల్లో ఆమె పని మానలేదు, ఇల్లే మూసి ఉంది. పై లెక్కలో ఆమె వాటా 12 నెలల జీతం కాదు, 13 నెలల పైచిలుకు. దాన్ని దసరా వెళ్లాక కాదు, ఏడాది మొదట్లోనే రాసుకున్న ఇంట్లో ఆమెతో బేరం ఆడాల్సిన అవసరం రాదు.