'సరిచేశాం' అంటే సరిపోదు

ఉదయం ఏడింటికి రావాల్సిన సరైన అమ్మకాల లెక్క పదింటికి వస్తుంది. వెనకే ఫైనాన్స్ మేనేజర్లకు ఒక ఈమెయిల్: 'సాంకేతిక కారణాల వల్ల రాత్రి సింక్ విఫలమైంది. సమస్య సరిచేశాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.' పెద్ద రిటైల్ సంస్థల్లో పరిపాటిగా మారిన ఈ మూడు వాక్యాలు వివరణ కాదు, తప్పించుకోవడం. ఏడింటి నుంచి పదింటి దాకా తెరపై కనిపించిన అంకెను నమ్మవచ్చా? మేనేజరుకు కావాల్సింది ఆ జవాబు. మెయిల్‌లో లేనిదీ అదే.

120 దుకాణాలున్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. రాత్రి రెండింటికి అన్నిచోట్ల బిల్లులూ కేంద్ర డేటాబేస్‌కు ఎక్కాలి. 87 దుకాణాలవి ఎక్కేసరికి సర్వర్‌లో డిస్క్ నిండి పని ఆగింది. రిపోర్టు తీసే ప్రోగ్రాం మాత్రం సింక్ ముగిసిందో లేదో అడగదు, గడియారం చూసి నడుస్తుంది. అందుకే ఏడింటికి 87 దుకాణాల మొత్తాన్నే సంస్థ మొత్తం అమ్మకంగా చూపింది. అప్పటికే ఎవరో దాన్ని ఎక్సెల్‌లోకి దించుకుని, అమ్మకాలు పడిపోయాయని పైవాళ్లకు పంపి ఉంటారు. 'సరిచేశాం' అన్న మాట ఈ తప్పుడు అంకెను కప్పేసింది.

మళ్లీ నడిపితే చాలనుకోవడం ఇంకో పొరపాటు. సగంలో ఎక్కినవాటిని తీసేయకుండా నడిపితే ఆ 87 దుకాణాల బిల్లులు రెండుసార్లు పడతాయి. దుకాణం కోడ్, బిల్లు తేదీ, బిల్లు నంబరు కలిపి ఒక్కసారే చేరేలా డేటాబేస్‌లో కట్టడి ఉంటేనే రక్షణ. ఎక్కడిదాకా తెచ్చామో చెప్పే గుర్తు బిల్లులు భద్రపడకముందే ముందుకు జరిగితే నష్టం తలకిందులవుతుంది: మిగిలిన 33 దుకాణాల బిల్లులు ఇక రావు, అయినా సింక్ విజయవంతమనే చూపుతుంది. దీన్ని పట్టుకోవాలంటే ప్రతి దుకాణం రాత్రి కౌంటరు మూసేటప్పుడు తీసే మొత్తాన్నీ బిల్లుల సంఖ్యనూ కేంద్రంలో చేరినవాటితో పోల్చాలి.

డిస్క్ ఖాళీ చేయడం ఆ పూటకు ఉపశమనం. అసలు దిద్దుబాటు, 120 దుకాణాలూ ముగిశాయన్న గుర్తు పడేదాకా రిపోర్టును విడుదల కానివ్వకపోవడం. తప్పనిసరై విడుదల చేస్తే '87/120, అసంపూర్ణం' అని పైనే రాయాలి. డిస్క్ నిండకముందే హెచ్చరిక ఎవరికి వెళ్లాలో కూడా తేల్చాలి.

అప్పుడు మెయిల్ ఇలా ఉంటుంది: 'ఈ ఉదయం 7 నుంచి 10 దాకా చూపిన మొత్తంలో 33 దుకాణాలు లేవు. ఆ అంకె వాడినవారు పక్కన పెట్టండి. ఇప్పటి మొత్తం దుకాణాల ముగింపు లెక్కలతో సరిపోయింది. నిన్నటికి ముందు రోజుల అంకెలు మారలేదు. సింక్ పూర్తికాకుండా రిపోర్టు రాకుండా చేసే మార్పు శుక్రవారానికి ముగుస్తుంది. బాధ్యత డేటా విభాగానిది.' ఇంతకన్నా తక్కువ రాసిన మెయిల్‌ను ఫైనాన్స్ విభాగం తిప్పి పంపాలి. ఆ రోజు లెక్కల మీద సంతకం పెట్టేది వాళ్లే.