రంగు వేసే చేతుల మాటేమిటి?

ఆదివారం ఉదయం భర్త కుర్చీలో కూర్చుంటారు. భార్య గిన్నెలో హెయిర్ డై కలుపుతుంది. ఆయన తల అయ్యాక అత్తగారి తల, ఆఖరికి తన తల. రంగు పడక ముఖం ఉబ్బితే ఇంటిల్లిపాదీ కంగారుపడి ఆసుపత్రికి వస్తారు. రంగు వేసిన చేతుల గురించి మాత్రం ఎవరూ అడగరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వేళ్లు పగిలి, పొక్కులతో మా దగ్గరికి వచ్చే మహిళలను నేను ఇప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: 'ఇంట్లో తలలకు రంగు ఎవరు వేస్తారమ్మా?'

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక గృహిణి 'అంట్ల సబ్బు పడటం లేదు డాక్టర్ గారూ' అన్నారు. సబ్బు వల్ల వచ్చే ఒరుపు చాలాసార్లు వేళ్ల సందుల్లో, ఉంగరం కింద మొదలవుతుంది. ఆమెకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు పగిలి ఉన్నాయి. పైగా నెలకోసారి, రంగు వేసిన రెండో రోజున ఎక్కువవుతోంది. 'గ్లౌజులు వేసుకుంటూనే ఉన్నాను కదండీ' అన్నారామె. అవి తెల్లటి లేటెక్స్ గ్లౌజులు. కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి నాలుగైదుసార్లు వాడుతున్నారు. రక్షణ కోసం లోపల పెట్రోలియం జెల్లీ కూడా రాసుకుంటున్నారు.

జాగ్రత్త పడుతున్నాననుకున్న చోటే పొరపాటు జరిగింది. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పారాఫినైలిన్ డయమిన్, అంటే పీపీడీ, చాలా చిన్న అణువు. పలుచని లేటెక్స్ దాన్ని ఎక్కువసేపు ఆపలేదు. పెట్రోలియం జెల్లీ, నూనె కలిసిన క్రీములు లేటెక్స్‌ను ఇంకా బలహీనం చేస్తాయి. ఒకసారి వాడిన గ్లౌజు లోపలికి చేరిన రంగు మరుసటిసారి నేరుగా చర్మానికి అంటుతుంది. డబ్బాతో పాటు వచ్చే పాలిథిన్ గ్లౌజులు వదులుగా ఉండి, మణికట్టు దగ్గర రంగును లోపలికి రానిస్తాయి.

ఈ పనికి నైట్రైల్ గ్లౌజులు మేలు. మందుల దుకాణాల్లో సాధారణంగా నీలం రంగులో దొరుకుతాయి. పౌడరు లేనివి, మణికట్టు దాటి వచ్చేవి తీసుకోండి. ఒక తలకు ఒక జత. పని కాగానే పారేయండి. నైట్రైల్ కూడా శాశ్వతమైన గోడ కాదు. చిరిగితే వెంటనే చేతులు కడుక్కుని కొత్తవి వేసుకోవాలి.

రక్షణ ఎప్పుడు అవసరమన్నది కూడా ముఖ్యమే. రంగు కలిపేటప్పుడు, రాసేటప్పుడు, తల కడిగేటప్పుడు, ఈ మూడు వేళలా గ్లౌజులు ఉండాలి. చాలామంది రాయడం కాగానే తీసేసి, వట్టి చేతులతో తల కడుగుతారు. అప్పటికి ఇంకా పూర్తిగా మారని పీపీడీ ఆ నీళ్లలో ఉంటుంది. జుట్టుకు పట్టి, బాగా కడిగి ఆరిన రంగుతో ఆ ప్రమాదం చాలా తక్కువ.

మరి క్రీము? నుదుటి అంచున, చెవుల చుట్టూ పెట్రోలియం జెల్లీ రాస్తే చర్మానికి మరక అంటదు. దాని పని అంతవరకే. అలర్జీ ఉన్నవారిని ఏ క్రీమూ కాపాడలేదు, గ్లౌజుకు బదులు కూడా కాదు.

దురద రంగు వల్లా, గ్లౌజు వల్లా? సమయం చూడండి. గ్లౌజు వేసుకున్న కొద్ది నిమిషాల్లోనే దురద, దద్దుర్లు వస్తే లేటెక్స్‌ను అనుమానించాలి. అది తేలితే ఏ ఆపరేషన్‌కు ముందైనా వైద్యులకు ఆ సంగతి చెప్పాలి. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత పొక్కులు, పగుళ్లు వస్తే రంగు మీద అనుమానం పెట్టుకోండి.

పీపీడీ ఉన్న రంగుల డబ్బాపై హెచ్చరికను ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలో ముద్రించాలని మన దేశ నిబంధనలు చెబుతున్నాయి. చెవి వెనుక గానీ ముంజేయి లోపలి వైపున గానీ కొంచెం రాసి 24 గంటలు చూడమని, ప్రతిసారీ అలా పరీక్షించుకోమని అందులో ఉంటుంది. కొందరిలో అలర్జీ రెండు మూడు రోజులకు గానీ బయటపడదు కాబట్టి మరో రెండు రోజులు ఆగితే మంచిది. 'నల్ల గోరింట' అని రాసి ఉన్నా లోపల పీపీడీ ఉండొచ్చు, చదివి కొనండి. రంగు వేశాక కనురెప్పలు, ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

ఆ గృహిణిని చర్మవైద్యుల దగ్గరికి పంపాను. వీపుపై పట్టీలు అతికించి, రెండో రోజున, నాలుగో రోజున చూసే పరీక్షలో పీపీడీ అలర్జీ తేలింది. అలర్జీ ఒకసారి వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందుకే తనకు ఆ రంగు మానేశారు, ఇతరులకు వేయడమూ మానేశారు. ఇప్పుడు ఆమె భర్త నైట్రైల్ గ్లౌజులు వేసుకుని తన తలకు తానే రంగు వేసుకుంటున్నారు. మీ ఇంట్లోనూ ఎవరి చేతులైనా పగులుతుంటే, వాటికి అంత దాకా రాకముందే ఆ పని పంచుకోండి.