గుట్టు కాదు, కాగితం కాపాడుతుంది

భార్య పేర చిన్న వ్యాపారం పెట్టి, ఆఫీసులో తెలియకూడదని గుట్టుగా నెట్టుకొచ్చే ఉద్యోగుల ఇళ్లు మన రాజమండ్రి వైపు లేకపోలేదు. నన్నడిగితే ముప్పు వ్యాపారంలో లేదు, ఆ గుట్టులోనే ఉంది.

తపాలా గుమస్తా ఇల్లనుకుందాం. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 15వది, అనుమతి లేకుండా ఆయన వ్యాపారం చేయకూడదంటుంది. భార్య చేయకూడదనదు. ఆమె చేస్తుంటే ఆ సంగతి పై అధికారికి తెలియజేయాలంటుంది.

ఆమె ఆత్రేయపురం పూతరేకులు చేసి అమ్ముతుందనుకోండి. కుండ మీద రేకు తీసేదీ, నెయ్యీ బెల్లం కొనేదీ, పద్దు రాసేదీ ఆమే కావాలి. డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. పెట్టుబడి ఎక్కడిదో చూపగలగాలి. భర్త ఊరికే ఇచ్చిన సొమ్మైతే, దాని వంతు లాభం పన్ను లెక్కలో ఆయన ఆదాయంలోనే కలుస్తుంది.

బెడిసికొట్టేదెక్కడంటే, సంక్రాంతికి ఆయన డబ్బాలు ఆఫీసుకు మోసుకెళ్లి కిందివాళ్లకు అంటగట్టినప్పుడు. భార్య వ్యాపారానికి ఉద్యోగి గిరాకీ కుదర్చడం ఆ నియమాన్ని మీరినట్టే.

రాష్ట్ర ఉద్యోగులకు వేరే నియమాలున్నాయి, అవి చూసుకోవాలి. ఎవరైనా సరే, ‘నా భార్య ఫలానా తేదీ నుంచి ఇంట్లో పూతరేకులు చేసి అమ్ముతోంది’ అని రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు బీరువాలో దాచుకోండి.